అధికమాసము, అధికదినము, అయనచలనము

నరసరావుపేట సమీపమున కోటప్పకొండపై వెలసిన త్రికోటేశ్వరస్వామివారి తిరునాళ్ల మహాశివరాత్రినాడు జరుగును. ఊరూరినుండి ప్రభలు కదలి వచ్చు ఈ పర్వము పల్నాటివారి కెల్ల తెలిసినదే. అయితే ఈ శివరాత్రి ప్రతి సంవత్సరము ఇంగ్లీషు తేదీలలో ఒకేచోట నిలువదు. 2021లో మార్చి 11న వచ్చినది. 2022లో మార్చి 1న వచ్చినది. 2023లో ఫిబ్రవరి 18న వచ్చినది. ఇట్లు ఏటేట పది పదునొకండు దినములు వెనుకకు జరుగుచు వచ్చిన పర్వము 2024లో ఒక్కమాఱుగ మార్చి 8కి ముందుకు దుమికినది. మరల 2025లో ఫిబ్రవరి 26, 2026లో ఫిబ్రవరి 15. పిదప 2027లో మరల మార్చి 6.

ఇట్లు ముందువెనుకలుగ ఊగుచున్నను శివరాత్రి ఎన్నడును వానకాలమున రాలేదు, నడివేసవిలో రాలేదు. “శివరాత్రితో చలి శివశివా యని వెడలిపోవును” అను లోకోక్తి ఏటేట నిజమగుచునే యున్నది. తిథులు చంద్రుని ననుసరించునవి. చలియెండలు సూర్యుని ననుసరించునవి. ఒకరి మాట ఒకరు వినని ఈ యిరువురిని ఒక త్రాట నిలిపినది మన పూర్వుల సవరణ. సూర్యుని అనుసరించు ఇంగ్లీషు సంవత్సరమునకును వేఱొక సవరణ కలదు. అదియే నాలుగేండ్ల కొకమాఱు వచ్చు ఫిబ్రవరి 29. ఈ రెండును గాక, సవరింపబడక మిగిలిపోయిన మూడవ లోప మొకటి మన పంచాంగములలో కలదు. మొదటి లోపము ఏటికి 11 దినములు, రెండవది 6 గంటలు, మూడవది 20 నిమిషములు. వీనిని వరుసగ విచారింతము.

చంద్రుని పదునొకండు దినములు

అమావాస్యనుండి అమావాస్యవరకు సగటున 29 దినముల 12 గంటల 44 నిమిషములు పట్టును. ఇట్టి మాసములు పండ్రెండు చేరిన సుమారు 354 దినము లగును. సూర్యుడు తన యేడాది చుట్టు పూర్తి చేయుటకు 365 దినములకు పైగా పట్టును. కావున చాంద్రసంవత్సరము సౌరసంవత్సరముకంటె దాదాపు 11 దినములు ముందుగనే ముగియుచున్నది. దీనిని సవరింపక విడిచినచో పర్వము లన్నియు ఋతువులన్నింటను తిరుగును. మన పల్లెలలో పీర్లపండుగను చూచువారి కిది ప్రత్యక్షము. ముసల్మానుల మతసంప్రదాయము మాసమును అధికముగ చేర్చుటను నిషేధించినది. కావున మొహరము, రంజాను 33 ఏండ్ల లోపల ఎండ, వాన, చలి కాలము లన్నింటను చుట్టి వచ్చుచుండును. అది వారు తెలిసి పెట్టుకొన్న నియమము. మన నియమము వేఱు. మనకు మాసము చంద్రునిది, ఋతువు సూర్యునిది. రెండును కలిసి నడువవలెను.

ఇందులకు మన జ్యోతిశ్శాస్త్రము చెప్పిన ఉపాయము మిక్కిలి సరళము. సూర్యుడు ఒక రాశినుండి మరొక రాశికి మారుట సంక్రమణము. ప్రతి చాంద్రమాసమునకు అందు జరుగు సంక్రమణమునుబట్టి పేరు కలుగును. మేషసంక్రమణము జరిగినది చైత్రము, వృషభసంక్రమణము జరిగినది వైశాఖము, ఇట్లే తక్కినవి. సూర్యుడు ఒక రాశిలో సగటున ముప్పదిన్నర దినములుండును. చాంద్రమాసమో ఇరువదితొమ్మిదిన్నర దినములే. కావున అప్పుడప్పుడు రెండు అమావాస్యల నడుమ సంక్రమణమే జరుగని మాసము వచ్చును. సంక్రమణములేని ఆ మాసమునకు స్వంతమగు పేరు లేదు. అది తన తరువాతి మాసము పేరునే ధరించి అధికమాస మనిపించుకొనును.

దీనిని శోభకృన్నామ సంవత్సరమున, అనగా 2023లో, చూడవచ్చును. ఆ సంవత్సరము కర్కాటకసంక్రమణము జూలై 17 వేకువను జరిగినది. అదే దినము అర్ధరాత్రి దాటిన రెండు నిమిషములకు అమావాస్య ముగిసినది. అక్కడినుండి క్రొత్త మాసము. తరువాతి అమావాస్య ఆగస్టు 16 మధ్యాహ్నము మూడుగంటలు దాటిన పిదప ముగిసినది. సింహసంక్రమణము మాత్రము ఆగస్టు 17 మధ్యాహ్నమున గాని జరుగలేదు. ఒక్కదినము ఆలస్యమైనది. కావున జూలై 18నుండి ఆగస్టు 16వరకు నడిచిన మాసములో ఒక్క సంక్రమణమును లేకపోయినది, అది అధికశ్రావణమైనది. సింహసంక్రమణము పడిన తరువాతి మాసము నిజశ్రావణమైనది. ఆ సంవత్సరము మాసములు పదుమూడగుటచే 2023 శివరాత్రినుండి 2024 శివరాత్రివరకు 384 దినములు గడచినవి. కోటప్పకొండ తిరునాళ్ల ఫిబ్రవరి 18నుండి మార్చి 8కి దుముకుటకు కారణ మిదియే.

ఈ పద్ధతిలో మెచ్చదగిన విషయ మొకటి కలదు. ఎన్నేండ్లకు అధికమాసమును వేయవలెనో ఎవరును నిర్ణయింప నక్కరలేదు. సూర్యచంద్రుల గతులే నిర్ణయించును. లెక్కించి చూచినచో సుమారు రెండేండ్ల ఎనిమిది నెలలకు ఒకటి చొప్పున, 19 సంవత్సరములలో ఏడు అధికమాసములు వచ్చును. 19 సౌరసంవత్సరములును 235 చాంద్రమాసములును రెండు గంటల తేడాతో సమానము లగుటయే ఇందులకు మూలము. అందుచేతనే 2005లో మార్చి 8న వచ్చిన శివరాత్రి 19 ఏండ్ల పిదప 2024లోను మార్చి 8నే వచ్చినది. పాతపంచాంగములు ఇంట దాచుకొన్నవారు ఈ పందొమ్మిదేండ్ల వరుసను తామే పరీక్షించి చూడవచ్చును. ఒక దినము అటునిటు గావచ్చును గాని అంతకు మించి సాధారణముగ తప్పదు.

సూర్యుని ఆరు గంటలు

ఇక రెండవ లోపము. వేసవినుండి వేసవికి, అనగా ఋతుచక్ర మొకమాఱు తిరుగుటకు, 365 దినముల 5 గంటల 48 నిమిషముల 46 సెకండ్లు పట్టును. తేదీల సంవత్సరము మాత్రము పూర్ణదినములతోనే ముగియవలెను. అర్ధరాత్రికి గాక సాయంకాలము ఆరు గంటలకు క్రొత్తసంవత్సరము ఆరంభించుట లోకవ్యవహారమునకు పొసగదు. 365 దినములతోనే ముగించినచో ఏటికి ఆరు గంటలు వెనుకబడుదుము. నాలుగేండ్లకు ఒక దినము, నూఱేండ్లకు ఇరువదినాలుగు దినములు తప్పును. దీనిని తెలిసికొని రోమను పాలకుడగు జూలియస్ సీజరు, సోసిజినీసు అను గణికుని సలహాపై, క్రీస్తుపూర్వము 45నుండి నాలుగేండ్ల కొకదినము చేర్చు నియమమును నెలకొల్పెను.

అయితే మిగులు సరిగా ఆరు గంటలు కాదు, దానికి 11 నిమిషములు తక్కువ. నాలుగేండ్ల కొకదినము చేర్చుటవలన ఏటికి ఆ 11 నిమిషములు ఎక్కువ చేర్చినట్లగును. 11 నిమిషములు ఒక మనుష్యుని జీవితకాలమున తెలియవు. కాని 128 ఏండ్లలో అవి ఒక దినమగును. పదునాఱవ శతాబ్దినాటికి రాత్రింబవళ్లు సమమగు వసంతవిషువద్దినము మార్చి 21న రావలసినది మార్చి 11ననే రాసాగెను. ఆ దినమునుబట్టియే వారి ఈస్టరు పండుగ నిర్ణయింపబడునది గాన 1582లో పోపు పదుమూడవ గ్రెగరీ రెండు పనులు చేసెను. మొదటిది, అక్టోబరు 4 గురువారము గడచిన మఱునాటి శుక్రవారమును అక్టోబరు 15గ ప్రకటించి కూడబెట్టిన తప్పును ఒక్కమాఱుగ తీసివేసెను. రెండవది, శతాబ్ది సంవత్సరములలో 400చే నిశ్శేషముగ భాగింపబడునవి మాత్రమే అధికదిన సంవత్సరము లగునని శాసించెను. 1900లో ఫిబ్రవరి 29 లేదు, 2000లో ఉన్నది, 2100లో ఉండదు. ఇట్లు 400 ఏండ్లకు 100 బదులు 97 అధికదినములు. ఇప్పటికిని ఏటికి 27 సెకండ్లు మిగులుచున్నవి గాని అవి ఒక దినమగుటకు మూడువేల ఏండ్లకు పైగా పట్టును.

మన పంచాంగమునకు ఇట్టి అధికదినముతో పనిలేదు. గణికుడు సంక్రమణకాలమును ఘడియ విఘడియలతో సహా లెక్కించును; ఆ ఆరు గంటలును వదలిపెట్టబడవు, మఱుసటి యేటికి జేరును. మకరసంక్రమణకాలములను చూచినచో ఇది విశదమగును. 2024లో జనవరి 15 తెల్లవారుజామున సుమారు 2 గంటల 54 నిమిషములకు సంక్రమణ మైనది. అక్కడినుండి ఆరు గంటలు ముందుకు పోయి 2025లో జనవరి 15 ఉదయము తొమ్మిదింటికి కావలసినది. నడుమ 2024లో ఫిబ్రవరి 29 వచ్చుటచే తేదీ ఒకటి వెనుకకు తగ్గి జనవరి 14 ఉదయము తొమ్మిదింటికైనది. 2026లో జనవరి 14 మధ్యాహ్నము మూడుంబావు ప్రాంతమున. 2027లో ఆ రాత్రి తొమ్మిదింబావు దాటిన పిదప. నాలుగేండ్లు కొంచెము కొంచెముగ జరిగి, అధికదినముతో మరల వెనుకకు రాగా, సంక్రాంతి కొన్నిమాఱులు 14ననుండి 15నకు పోవుచు వచ్చుచుండుట ఇందువలననే.

ఇరువది నిమిషముల అయనచలనము

అధికదినముతో మరల వెనుకకు వచ్చు సంక్రాంతి సరిగా తన మొదటి చోటికే వచ్చుచున్నదా? రాదు. ప్రతి నాలుగేండ్లకును కొంత మిగిలిపోవును. దీనికి ప్రసిద్ధమగు సాక్ష్యము వివేకానందస్వామి జన్మదినము. ఆయన 1863 జనవరి 12న, మకరసంక్రాంతినాడు జన్మించెను. నేడు సంక్రాంతి జనవరి 14నగాని 15నగాని వచ్చుచున్నది. నూటయఱువది యేండ్లలో పర్వము రెండు దినములు ముందుకు జరిగినది.

కారణ మిది. మన సంక్రాంతి సూర్యుడు నక్షత్రములలో ఒక నియతస్థానమును చేరుటనుబట్టి వచ్చును. ఒక నక్షత్రమునుండి మరల ఆ నక్షత్రమునకే సూర్యుడు వచ్చుటకు 365 దినముల 6 గంటల 9 నిమిషములు పట్టును. ఋతుచక్రమునకు పట్టునది 5 గంటల 49 నిమిషములే యని పైన చెప్పితిమి. ఈ రెండింటికి నడుమ 20 నిమిషముల తేడా. భూమి అక్షము తిరుగుచున్న బొంగరపు తలవలె మెల్లగ చుట్టుచుండుటచే విషువద్బిందువు నక్షత్రములలో వెనుకకు జరుగుచున్నది. దీనినే అయనచలన మందురు. ఏటికి 20 నిమిషములన 72 ఏండ్లకు ఒక దినము. 163 ఏండ్లకు 54 గంటలు, అనగా రెండు దినములకు కొంచెము పైగా. వివేకానందుని జన్మదినముతో ఈ లెక్క సరిపోవుచున్నది. సూర్యసిద్ధాంతపు సంవత్సరమానము నిజముకంటె మరి మూడున్నర నిమిషములు పెద్దది గాన, దానినే అనుసరించు పూర్వపద్ధతి పంచాంగములలో ఈ జరుగుడు సుమారు 60 ఏండ్లకే ఒక దిన మగును.

ఇది పూర్వులకు తెలియని విషయము కాదు. ధనిష్ఠాదియందు ఉత్తరాయణారంభము జరుగునని వేదాంగజ్యోతిషము చెప్పినది. క్రీస్తుశకము ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఆ పూర్వస్థితిని స్మరించి, తన కాలమున అయనము మకరాదియందు జరుగుచున్నదని, పరీక్షించి నిర్ణయించుకొనవలెనని చెప్పెను. అనగా నక్షత్రముల నడుమ అయనస్థానము మారుచున్నదని ఆయన గుర్తించెను. అప్పటి సంక్రాంతి ఉత్తరాయణారంభమునకు మిక్కిలి దగ్గరగనుండెను. నేడు సూర్యుడు ఉత్తరమునకు తిరుగుట డిసెంబరు 21, 22 తేదీలలోనే జరిగిపోవుచున్నది. మకరసంక్రాంతి మాత్రము 24 దినముల పిదప వచ్చుచున్నది. ఉత్తరాయణపుణ్యకాలమని మనము స్నానదానములు చేయు దినమునకు ఉత్తరాయణము మూడు వారములు దాటి యుండును.

తెలిసియు ఎందుకు సవరింపలేదని ప్రశ్న. సూర్యసిద్ధాంతము ఈ చలనమును ఊయలవంటి దానిగ చెప్పినది. 27 అంశలవరకు పోయి మరలి వచ్చునని దాని మతము. మరలి వచ్చు దానికి సవరణ యెందుకని తోచుట సహజము. నేటి గణితము మాత్రము అది ఒకే దిశను తిరిగి సుమారు 26,000 ఏండ్లకు చుట్టు ముగించునని నిశ్చయించినది. భారతప్రభుత్వము 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతను నియమించిన పంచాంగసంస్కరణసంఘము 1955లో నివేదిక నిచ్చినది. 1957 మార్చి 22నుండి ఋతువులతో సరిపోవు రాష్ట్రీయ శకపంచాంగము వాడుకకు వచ్చినది. అందు ఇంగ్లీషు సంవత్సరమున ఫిబ్రవరి 29 వచ్చునప్పుడు చైత్రమునకు ఒకదినము చేర్తురు. పర్వముల విషయమున ఆ సంఘము అయనాంశను 23 అంశల 15 కళలవద్ద స్థిరపరచి, ఇకముందైనను జరుగకుండ నిలుపవలెనని సూచించెను. పంచాంగకర్తలు ఆ సూచనను అనుసరింపలేదు. నక్షత్రమానమే నేటికిని నడచుచున్నది.

పెరటిలో పరీక్ష

ఈ 24 దినముల తేడా పుస్తకములలోనిదే యని తలంపవలదు. మా పాఠశాలలో పండ్రెండంగుళముల శంకువును నాటి నీడను కొలుచుట నేర్పెడివారు. అదే ప్రమాణమున 120 సెంటీమీటర్ల నిడుపుగల నిటారు కఱ్ఱను సమతలమగు నేలపై నాటుడు. గడియారపు పండ్రెండింటిని నమ్మక, నీడ అతిపొట్టిగ నుండు క్షణమున దానిని కొలువుడు. పల్నాటిలో చలికాలమున ఆ క్షణము పండ్రెండు దాటిన 8 మొదలు 20 నిమిషముల లోపల వచ్చును.

నరసరావుపేట అక్షాంశమున డిసెంబరు 21న ఆ నీడ దాదాపు 100 సెంటీమీటర్లుండును. అదియే యేటిలో మధ్యాహ్నపు నీడలన్నింటికంటె పొడవైనది. సంక్రాంతినాటికి అది 92 సెంటీమీటర్లకు తగ్గియుండును. నీడ తగ్గినదన్న సూర్యుడు అప్పటికే ఉత్తరమునకు కదలినాడన్నమాట. మాచర్ల, గురజాల ప్రాంతములు కొంత ఉత్తరమున నున్నవి గాన ఇవి సుమారు ఒక సెంటీమీటరు ఎక్కువ యుండవచ్చును. అయనసమయమున నీడ కొన్ని దినములవరకు మారినట్లే తోచదు; కావున ఏ దినమున తిరిగినాడో దీనివలన ఖచ్చితముగ చెప్పుట కష్టము. ఖచ్చితము కావలెనన్న విషువద్దినమును చూడవలెను. అప్పుడు నీడ దినదినము దాదాపు ఒక సెంటీమీటరు మారును. పల్నాటిలో విషువద్దినపు నీడ, అనగా శాస్త్రములు చెప్పు పలభ, పండ్రెండింటికి మూడున్నర వంతు. మన కఱ్ఱకు 35 సెంటీమీటర్లు. ఆ కొలత మార్చి 20, 21 తేదీలలో వచ్చును. మేషసంక్రాంతియగు ఏప్రిల్ 14నాడు నీడ 14 సెంటీమీటర్లే యుండును. మేషాదియే విషువమని పూర్వులు చెప్పిన మాట నేటికి ఎంత తొలగినదో ఈ రెండు కొలతలు చూపును.

కార్తెల సంగతి

ఈ ఇరువది నిమిషములవలన సంకల్పములో అయనము పేరు చెప్పువారికంటె సేద్యగానికే ఎక్కువ పని. మన కార్తెలు సూర్యుడు నక్షత్రములలో నుండుటనుబట్టి వచ్చునవి. అవియు ఈ చలనమునకు లోబడినవే. నేడు రోహిణికార్తె మే 25 ప్రాంతమున, మృగశిర జూన్ 8 ప్రాంతమున ప్రవేశించుచున్నవి. రోహిణి యెండలకు రోళ్లు పగులుననుట, మృగశిరతో తొలకరి నెదురుచూచుట నేటికి చక్కగ సరిపడుచున్నవి. కాని వరాహమిహిరుని కాలమున మృగశిర ఋతువునుబట్టి ఇరువది దినములు ముందుగ, మండువేసవిలోనే వచ్చెడిది. మరి 1,500 ఏండ్లకు రోహిణికార్తె జూన్ నడిమికి జరిగి తొలకరిలో పడును. అప్పుడు రోళ్లు పగులు మాట చెల్లదు. కార్తెలసామెతలు ఏ కాలమువో ఆ కాలమునకే ప్రమాణములు. అవి అనాదియని గాని, శాశ్వతమని గాని భావించి విత్తనమును నేలలో వేయరాదు.

మరి పర్వమును మార్చవలెనా? వ్రతములు శిష్టాచారమును, పంచాంగమును అనుసరించి చేయదగినవి. పదిమంది ఒకనాడు చేయుటయే పర్వమునకు ప్రాణము. ఒక యూరివారు డిసెంబరున, మరొక యూరివారు జనవరిలో సంక్రాంతి చేసికొన్నచో అది సవరణ కాదు, చీలిక. సవరణ యన్నది దేశమంతయు ఒక్కటై చేయవలసిన పని; 1582లోను అది అట్లు జరుగక, కొన్ని దేశములు ఒప్పుకొని కొన్ని ఒప్పుకొనక, ఇంగ్లాండు 1752వరకు పాతలెక్కలోనే యుండెను. అంతవరకు మనము చేయదగిన దొకటి కలదు. అయనము, సంక్రాంతి అను రెండింటిని ఒకటిగ చెప్పక, అయనారంభము డిసెంబరు 21, 22లలోనని, మకరసంక్రాంతి నక్షత్రమానముచే జనవరి 14, 15లలోనని పిల్లలకు విడివిడిగ చెప్పవలెను. నమ్మని పిల్లవానికి కఱ్ఱ నిచ్చి పెరటిలో నీడ కొలువ మనవలెను.